ఇంటిపేరు మార్చకుండా భర్త పేరు చేర్చుకున్నాను: ఆధార్, బ్యాంకు, గ్యాస్‌తో నా అనుభవం

పెళ్ళయ్యాక కాగితాల్లో భర్త పేరు ఎక్కించడం వేరు, మన పేరు మార్చుకోవడం వేరు. కౌంటర్ల దగ్గర ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. "ఇంటిపేరు మార్పించుకున్నారా అమ్మా?" అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. నేను పుట్టింటి ఇంటిపేరు కదపలేదు. భర్త పేరు మాత్రం అవసరమైన చోటల్లా చేర్పించుకున్నాను. 2022లో పెళ్ళయి గుంటూరు నుంచి విజయవాడ పటమటకు వచ్చాను. అప్పటి నుంచి ఈ కాగితాలతోనే బ్యాంకు పనులు, గ్యాస్, రేషన్ అన్నీ నడుస్తున్నాయి. ఇన్నాళ్ళ వాడకం మీద చెబుతున్నాను, ఈ పద్ధతే మేలు. ఎందుకో, ఎక్కడెక్కడ ఇబ్బంది పెట్టిందో చెబుతాను.

అన్నిటికీ ముందు కావలసింది మ్యారేజ్ సర్టిఫికెట్. పెళ్ళి జరిగిన ఊళ్లో గానీ, ఇద్దరిలో ఒకరు ఉంటున్న ఊళ్లో గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవచ్చు. మాది గుంటూరులో జరిగింది కాబట్టి అక్కడే తీసుకున్నాం. ఇక్కడ ఒక్క విషయం దగ్గర నిదానించండి. సంతకం పెట్టే ముందు ఇద్దరి పేర్ల ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను ఆధార్‌తో, టెన్త్ సర్టిఫికెట్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన పేర్లకు ఇంటిపేరు ముందుంటుంది. ఒక కాగితంలో అది పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. తెలుగులో ఒకేలా పలికే పేరు ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక అక్షరం ఎక్కువతో, మరోచోట తక్కువతో ఉంటుంది. సర్టిఫికెట్‌లో అలాంటి తేడా ఉంటే ఆ తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరా దానికి సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక ఆధార్. ఆధార్‌లో భర్త పేరుకని విడిగా గడి ఏమీ లేదు. అది చిరునామాలో ఒక భాగం మాత్రమే, అదీ తప్పనిసరి కాదు. ఇదివరకు కార్డు మీద W/O, D/O అని వేసేవారు. ఇప్పుడు అందరికీ C/O అనే వస్తోంది. కాబట్టి కేరాఫ్‌లో భర్త పేరు వేయించుకోవడమంటే చిరునామా మార్చుకోవడమే. చిరునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పేరు మాత్రం జీవితకాలంలో రెండుసార్లే. ఈ తేడా తెలిశాకే ఇంటిపేరు జోలికి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను.

చిరునామా మార్పును కుటుంబ పెద్ద ద్వారా ఆన్‌లైన్‌లో చేసే సౌకర్యం 2023 మొదట్లో వచ్చింది. మాకు అదే కలిసొచ్చింది. ఆధార్ వాళ్ల myAadhaar వెబ్‌సైట్‌లో నా నంబరుతో లాగిన్ అయ్యి, కుటుంబ పెద్దగా మావారి ఆధార్ నంబరు ఇచ్చి, బంధుత్వానికి రుజువుగా మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేశాను. అప్పుడు ఫీజు 50 రూపాయలు. 2025 అక్టోబరు నుంచి 75 అయింది. ఆ తర్వాత కుటుంబ పెద్ద ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆయన 30 రోజుల్లోపు తన ఆధార్‌తో లాగిన్ అయ్యి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోయినా, ఊరికే వదిలేసినా దరఖాస్తు మూసుకుపోతుంది, ఫీజు తిరిగి రాదు. మావారు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటారు. అయినా ఓటీపీ ఫోనుకే వస్తుంది కాబట్టి ఎక్కడో లోడింగ్ దగ్గర ఆగినప్పుడు ఆ పని చేసేశారు.

ఈ పద్ధతిలో కుటుంబ పెద్ద చిరునామా ఉన్నదున్నట్టు మన కార్డులోకి వచ్చేస్తుంది. విజయవాడ డోర్ నంబర్లు మీకు తెలిసినవే, రెండు గీతలు, మూడు అంకెల గుంపులు. ఆయన కార్డులో ఒక్క అంకె తేడా ఉన్నా మన కార్డులోకీ అదే వస్తుంది. ముందు ఆయనది సరిచేయించండి, తర్వాత మీది మొదలుపెట్టండి.

బ్యాంకులో గట్టిగా నిలబడాల్సి వచ్చింది. పుట్టింటి నాటి ఖాతాలో చిరునామా, భర్త పేరు చేర్చమని అడిగితే కౌంటర్‌లో ఉన్నావిడ ఆధార్ చూసి, "ఇందులో ఇంకా మీ పుట్టింటి ఇంటిపేరే ఉందిగా, ముందు అది మార్చుకుని రండి" అన్నారు. నేను కేవైసీ ఫారం అడిగి తీసుకున్నాను. అందులో తండ్రి లేదా భర్త పేరుకు ఒక గడి ఉంటుంది. అక్కడ మావారి పేరు రాశాను. నా పేరు గడిలో పాత పేరే రాశాను. ఆధార్‌లో, పాన్‌లో, ఖాతాలో ఒకే పేరు ఉన్నప్పుడు మార్చాల్సింది ఏముందని మేనేజరు గారిని నెమ్మదిగా అడిగాను. ఆయన ఫారం తీసుకున్నారు, పని అయిపోయింది.

పేరు మార్చుకున్నవాళ్లకూ రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. గుర్తింపు పత్రం పాత పేరుతోనే ఉన్నా, దానికి తోడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ పేరు మార్పు గెజిట్ గానీ చూపిస్తే ఆ పత్రం చెల్లుతుంది. ఇది మా అక్కకు బాగా పనికొచ్చింది.

అక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమె నాకు పూర్తిగా భిన్నంగా చేసింది. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. అత్తింటివాళ్ళు అడిగారని పెళ్ళయిన కొత్తలోనే ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకుంది. పాన్, బ్యాంకు, పీఎఫ్ పాత పేరుతోనే ఉండిపోయాయి. కొన్నాళ్లకు పీఎఫ్ డబ్బు తీసుకోబోతే ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు కలవలేదు. పీఎఫ్‌లో పేరు సరిచేయమని తనూ కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ పెట్టించుకుని, పాన్ సరిచేసి, బ్యాంకులో పేరు మార్చి, అవన్నీ అయ్యేసరికి డబ్బు అవసరమైన సమయం దాటిపోయింది. డిగ్రీ సర్టిఫికెట్లలో మాత్రం ఇప్పటికీ పాత ఇంటిపేరే. ఎక్కడికి వెళ్ళినా మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట ఉండాల్సిందే. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం ఆమెకు ఇంకొక్కటే మిగిలింది. ఇంటిపేరు మార్చుకోవాలని మనస్ఫూర్తిగా అనుకుంటే తప్పకుండా మార్చుకోండి. కానీ ఒకరు అడిగారని ఒక్క ఆధార్‌లో మార్చి వదిలేయకండి.

పాన్ గురించి చాలామంది అడుగుతారు. పాన్ కార్డు మీద భర్త పేరు రాదు. పెళ్ళయినా తండ్రి పేరో, తల్లి పేరో ఉంటుంది. తండ్రి పేరు గడిలో భర్త పేరు రాసి ఇచ్చేవాళ్లను నెట్ సెంటర్లలో నేనే చూశాను. మీ పేరు మారకపోతే పాన్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది గ్యాస్ గురించి. కనెక్షన్ మావారి పేరున ఉండేది. ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించమని ఏజెన్సీవాళ్లు అడిగినప్పుడు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే వేలిముద్రో ముఖమో చూపించాలి. ఇంట్లో ఉండి సిలిండర్ తీసుకునేది నేను, వెళ్లాల్సింది ఆయన. అప్పుడే 2024 చివర్లో మన ఆంధ్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. దాంతో కనెక్షన్ నా పేరు మీదకు మార్చేద్దామని అనుకున్నాం.

భార్యాభర్తల మధ్య మార్పు కుటుంబంలోపలి మార్పు కిందకు వస్తుంది. అంటే కొత్తగా డిపాజిట్ కట్టక్కర్లేదు, కనెక్షన్ తీసుకున్నప్పుడు ఏజెన్సీ ఇచ్చిన పాత వోచర్ మీద ఉన్న డిపాజిట్టే కొనసాగుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2022 జూన్ నుంచి కొత్తగా తీసుకుంటే 14.2 కిలోల సిలిండర్ ఒక్కోదానికి డిపాజిట్ 2,200 రూపాయలు, మాది అంతకన్నా చాలా తక్కువ నాటిది. మావారి సమ్మతి పత్రం, పాత సబ్‌స్క్రిప్షన్ వోచర్, నా కేవైసీ ఫారం, ఆధార్ ఇచ్చాను. ఏజెన్సీ అమ్మాయి ఆధార్ చూసి, "కేరాఫ్ అని ఉంది, భర్త అని ఎక్కడుంది?" అని అడిగింది. ఆ అమ్మాయి అడిగింది న్యాయమే. కేరాఫ్‌లో తండ్రి ఉండొచ్చు, అన్న ఉండొచ్చు. అది చిరునామాకు గుర్తే గానీ బంధుత్వానికి రుజువు కాదు. మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి ఇచ్చాక ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత కొత్త వోచర్ నా పేరున వచ్చింది, అక్కడే ఈ-కేవైసీ కూడా చేయించుకున్నాను.

పుట్టింటి నుంచి మీ పేరున ఇంకో కనెక్షన్ ఉంటే అది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఒకే వంటింట్లో ఉంటే ఒక్క కనెక్షనే ఉండాలి. రెండో దాన్ని అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకోవచ్చు, లేదా పుట్టింట్లో అమ్మ పేరునో నాన్న పేరునో మార్పించవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. దీపం కింద సిలిండర్ డబ్బు అప్పట్లో ముందు మనమే కట్టేవాళ్లం, తర్వాత ప్రభుత్వం దాన్ని ఖాతాలో వేసేది. సిలిండర్ వచ్చింది, నా ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు. రైస్ కార్డులో సమస్యేమో అని టెన్షన్ పడ్డాను, ఎందుకంటే పుట్టింటి కార్డులోంచి తీసి అత్తయ్య వాళ్ల కార్డులో నా పేరు చేర్పించుకోవడానికి వార్డు సచివాలయం చుట్టూ చాలానే తిరిగాను. కార్డులో తప్పేమీ లేదు. పెళ్ళయ్యాక పటమటలో దగ్గరగా ఉందని ఇంకో బ్యాంకులో కొత్త ఖాతా తెరిచాను. ఫారంలో ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే రావాలన్న గడిలో ఆ బ్యాంకువాళ్లు నన్ను అడక్కుండానే టిక్ పెట్టేశారు. రాయితీల కోసం ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒక్క బ్యాంకే అనుసంధానంగా ఉంటుంది, ఆఖరున కలిపిన బ్యాంకుకే డబ్బు వెళ్తుంది. పెద్దగా వాడని ఆ ఖాతాలోనే డబ్బు పడి ఉంది.

దీన్ని తెలుసుకోవడం చాలా సులువు. myAadhaar లో Bank Seeding Status అని ఉంటుంది, నొక్కితే ప్రస్తుతం ఏ బ్యాంకు ఉందో చూపిస్తుంది. గ్యాస్ పేరు మార్పుకు వెళ్ళే ముందే ఇది చూసుకుని, కావలసిన బ్యాంకులో అనుసంధానం చేయించుకోండి. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల ఆధార్‌కు కలిసిన ఖాతాలోనే డబ్బు పడుతుంది. భర్త పేరున ఉన్నప్పుడు ఆయన ఖాతాలో పడేది, మార్చాక మన ఖాతాలోకి వస్తుంది. అందుకే నా లెక్కలో వరస ఇదీ: ముందు మ్యారేజ్ సర్టిఫికెట్, తర్వాత ఆధార్ చిరునామా, ఆపైన బ్యాంకు, ఆఖర్న గ్యాస్.

బ్యాంకుకు వెళ్ళినప్పుడు నామినీని కూడా చూసుకోండి. కేవైసీలో భర్త పేరు చేర్చినంత మాత్రాన నామినీ మారదు. నా పాత ఖాతాలో నాన్నగారే ఉన్నారు. మార్చాలనుకుంటే దానికి వేరే ఫారం ఇవ్వాలి. నేను ఒక ఖాతాలో మావారి పేరు పెట్టి, రెండోదాంట్లో నాన్నగారినే ఉంచాను. ఇక ఓటరు జాబితాలో తండ్రి పేరు బదులు భర్త పేరు రావడానికి, పటమట చిరునామాకు మారడానికి ఫారం 8 సరిపోతుంది. దానికి తొందరేమీ లేదు గానీ, ఎన్నికలు దగ్గరపడే దాకా ఆగకుండా ముందే పెట్టుకోండి.