కోర్సు మానేస్తానన్న విద్యార్థికి పంపే మెయిల్ నమూనా: రెండేళ్లు వాడాక

హన్మకొండలోని మా ఆన్‌లైన్ కోర్సుల ఆఫీసులో ఈ నమూనా వాడబట్టి రెండేళ్లు. పనికొచ్చేదే, కానీ వచ్చింది వచ్చినట్టు పంపితే తెల్లారే ఫోను మోగుతుంది.

మొదటి పేరాలో "మీ నిర్ణయానికి చింతిస్తున్నాం" అని ఉండేది, తీసేశాం. మెయిల్ తెరిచినవాళ్లు చూసేది ఎంత వాపస్ వస్తుంది, ఎప్పుడొస్తుంది, ఎవరి ఖాతాకు అనే. అవి పైన రెండు వరుసల్లోనే ఉండాలి. బాపు ఖాతా నుంచి కట్టినవి బాపు ఖాతాకే పోతాయని కూడా అక్కడే రాయాలి.

నమూనాలో అసలు లోపం లెక్క దగ్గర. కోర్సు ఫీజు 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ 5,400. మూడు కిస్తీలు, ఒక్కోటి 11,800. రెండు కట్టి, 24 వారాల్లో 8 వారాలయ్యాక మానేస్తే నమూనా "మీరు కట్టింది 20,000" అంటుంది. రసీదుల్లో మాత్రం 23,600 ఉంటుంది. అక్కడే అనుమానం మొదలు. అందుకే ఇప్పుడు ఇట్లా రాస్తున్నాం:

"మీరు కట్టినవి 23,600. జరిగిన 8 వారాలకు పన్నుతో 11,800. రద్దు చార్జీ 1,500, దానిపై పన్ను 270. మీకు వాపస్ వచ్చేది 10,030. మూడో కిస్తీ కట్టనక్కర్లేదు, యూపీఐ ఆటోపే పెట్టుకుంటే మీ యాప్‌లో రద్దు చేసుకోండి."

చివరి వాక్యం మొదట్లో లేదు. అది లేకపోతే మెయిల్ పోయాక కూడా మూడో కిస్తీ కట్ అయ్యే ప్రమాదం ఉంది, మళ్లీ ఇంకో వాపస్.

గొడవంతా తేదీ మీదే. ఆరో వారం నుంచే క్లాసులు చూడలేదు కదా అంటారు. మా నిబంధన మానేస్తానని మెయిల్ పెట్టిన రోజును లెక్కలోకి తీసుకుంటుంది, చివరి లాగిన్‌ను కాదు. వారానికి 1,250 చొప్పున మూడు వారాల తేడా పన్ను కాక 3,750, చిన్న మొత్తమేం కాదు. కాబట్టి ఆ తేదీని, దాన్నే ఎందుకు తీసుకున్నామో మెయిల్‌లో ఉంచాలి. "నిబంధనల ప్రకారం" అని లింకు పడేస్తే ఎవరూ తెరవరు. గడువుకూ ఇదే సూత్రం: "పది రోజుల్లో" అంటే చాలదు, ఏ తారీఖులోపో వేయాలి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకిచ్చిన మార్గదర్శకాల్లోనూ మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో ఇవ్వాలనే ఉంది.

లోన్ కంపెనీ ద్వారా ఫీజు కట్టినవాళ్లకు మాత్రం ఈ నమూనా అస్సలు పంపొద్దు. కోర్సు ఆగినంత మాత్రాన ఈఎంఐ ఆగదు, ఎందుకంటే ఆ ఒప్పందం విద్యార్థికీ లోన్ కంపెనీకీ మధ్యది. మా వాపస్ ముందు ఆ కంపెనీకే పోతుంది. ఈలోగా కిస్తీ తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. వాళ్లకు వేరే మెయిల్ రాసి, "లోన్ మూసేసినట్టు కాగితం చేతికొచ్చేదాకా ఈఎంఐ ఆపకండి" అన్న వాక్యాన్ని మొదటి వరుసలో పెడుతున్నాం.