మెడలో బంగారం, చెవులకు వెండి, చేతికి రోజ్ గోల్డ్: మూడూ కలిపి వేసుకోవడానికి ఏ పద్ధతి మేలు?

పోయిన నెలలో ఒక గృహప్రవేశానికి తయారవుతూ మా వదిన అద్దం ముందు ఆగిపోయింది. బూడిద రంగు మంగళగిరి పట్టుచీర, దానికి వెండి జరీ అంచు. మెడలో 22 క్యారెట్ల బంగారు నల్లపూసలు, అవి తీసే ప్రశ్నే లేదు. చీరకు తగ్గట్టుగా చెవులకు నల్లబారిన ఆక్సిడైజ్డ్ వెండి జుంకాలు. కుడి చేతికి రెండు మెరిసే బంగారు గాజులు, ఎడమ చేతికి రోజ్ గోల్డ్ రంగు వాచీ. "ఏదో అతకడం లేదు, ఏది తీసేయమంటావు?" అని అడిగింది. చూసిన వెంటనే నాకూ జవాబు తోచలేదు. ఒక్కొక్కటి మార్చి చూస్తే గానీ ఎక్కడ తేడా కొడుతోందో అర్థం కాలేదు.

బంగారం, వెండి కలవవు అనే మాట నేను ఒప్పుకోను. మన ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు మెడలో బంగారం, కాళ్లకు వెండి మెట్టెలు, పట్టీలు ఎప్పటినుంచో వేసుకుంటున్నారు. బంగారాన్ని లక్ష్మిగా చూస్తాం కాబట్టి కాళ్లకు పెట్టుకోం. ఆ జంట ఎవరి కంటికీ ఎబ్బెట్టుగా కనిపించదు, ఎందుకంటే రెండింటి మధ్య మనిషంత దూరం ఉంది. మనం కట్టే చీరలోనూ ఈ కలయిక ఉంది. అసలైన కంచి జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. అందువల్ల కంటికి ఇబ్బంది కలిగించేది రెండు లోహాలు కలవడం కాదు, అవి కలిసే తీరు.

నేను గమనించినంతలో తేడా రెండు చోట్ల వస్తుంది. మొదటిది, దగ్గర దగ్గరగా ఉండి ఒకటి కాని రంగులు. 22 క్యారెట్ల గాజు పక్కన వెండి గాజు వేస్తే కావాలనే వేసుకున్నట్టు ఉంటుంది. అదే గాజు పక్కన 18 క్యారెట్ల లేత పసుపు గాజో, వన్ గ్రామ్ గోల్డ్ గాజో వేస్తే రెండోది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. రోజ్ గోల్డ్‌తో వచ్చే చిక్కూ ఇదే. 22 క్యారెట్ల బంగారంలో దాదాపు 91.6 శాతం బంగారం ఉంటే, 18 క్యారెట్ల రోజ్ గోల్డ్‌లో 75 శాతం బంగారం, మిగిలిన 25లో చాలా భాగం రాగి. అంటే అది బంగారానికి దగ్గరి చుట్టమే. రాగి పాలు కొంచెం మారినా రంగు మారిపోతుంది కాబట్టి రెండు వేర్వేరు కొట్లలో కొన్న రోజ్ గోల్డ్ నగలు ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. వాచీల సంగతి వేరు. మామూలు ధరలో దొరికే వాటిలో ఎక్కువ భాగం స్టీలు మీద ఆ రంగు పూత వేసినవే, వాటి గులాబీ ఛాయ ఇంకోలా ఉంటుంది.

రెండోది మెరుగు. చాలామంది రంగునే చూస్తారు, మెరుగును పట్టించుకోరు. నునుపుగా పాలిష్ చేసిన గాజు అద్దంలా వెలుగును తిప్పికొడుతుంది. ఆక్సిడైజ్డ్ వెండి మీద సందుల్లో నలుపు నిలిచి ఉంటుంది, అది వెలుగును మింగుతుంది. ఈ రెండూ ఒక్క చోట చేరితే మెరిసేది మరీ కొత్తదిగా, నల్లనిది మరీ పాతదిగా కనిపిస్తాయి. యాంటిక్ పాలిష్ ఉన్న నక్షీ పని బంగారు కమ్మల పక్కన అదే ఆక్సిడైజ్డ్ వెండి ఉంగరం పెట్టి చూడండి, రెండూ ఒక్క పెట్టెలోంచి తీసినట్టు ఉంటాయి. రంగు వేరైనా మెరుగు ఒకటే కాబట్టి.

కార్టియే సంస్థ 1924లో చేసిన ట్రినిటీ ఉంగరం దీనికి మంచి ఉదాహరణ. మూడు రంగుల వలయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి, కానీ మూడింటి వెడల్పూ, నునుపూ ఒకటే. మారేది రంగు ఒక్కటే. మన నగల పెట్టెలోనూ అదే సూత్రం పనిచేస్తుంది. రంగు మార్చాలనుకుంటే మెరుగూ, లావూ మార్చకండి.

ఇక పద్ధతుల మాటకొస్తే, ఆచరణలో నాకు మూడు కనిపిస్తాయి. ఒకటి, మెడకు ఒక లోహం, చేతులకు ఇంకొకటి అని చోట్లు పంచుకోవడం. రెండు, ఒక లోహాన్ని ప్రధానంగా పెట్టి రెండోదాన్ని కొద్దిగా వేసుకోవడం. మూడు, రెండు రంగులూ ఉన్న ఒక నగను మధ్యవర్తిగా పెట్టడం.

చోట్లు పంచుకోవడం అన్నిటికంటే సులువు, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. కుర్తా మీదో, ఆఫీసు చీర మీదో మెడలో సన్నని నల్లపూసలు, చెవులకు చిన్న బంగారు దిద్దులు, చేతికి మాత్రం వెండి కడియం అయితే చక్కగా కుదురుతుంది. కానీ మెడకూ చెవులకూ మధ్య దూరం చాలదు. జుంకా కిందికి వేలాడితే దాని అంచుకూ నల్లపూసల గొలుసుకూ మధ్య బెత్తెడు కూడా ఉండదు, ఫొటోల్లో రెండూ ఒకే చట్రంలో పడతాయి. అందుకే ఈ పద్ధతిలో మెడనూ చెవులనూ ఒక చోటుగానే లెక్కపెట్టాలి. మా వదిన పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

రెండో పద్ధతిలో చాలామంది తడబడేది కొద్దిగా అనే మాట దగ్గర. కొద్దిగా అంటే ఒక్కటి అనుకుంటారు. ఒళ్లంతా బంగారం ఉండి ఒక్క వెండి ఉంగరం ఉంటే, తీయడం మర్చిపోయినట్టు కనిపిస్తుంది. రెండో లోహం కనీసం రెండు చోట్ల కనపడాలి. చీర కుచ్చెళ్ల కింద ఉండే పట్టీలు ఈ లెక్కలోకి రావు, నలుగురి కంటికీ కనిపించేవే వస్తాయి. మంచి సంగతి ఏమిటంటే ఆ రెండోది నగే కానక్కర్లేదు. వెండి జరీ అంచు ఒక వెండి నగతో సమానం. కాపర్ జరీ ఉన్న చీర కడితే అది రోజ్ గోల్డ్‌కు తోడు. హ్యాండ్‌బ్యాగ్ బకిల్, చెప్పుల మీది రింగు కూడా పనికొస్తాయి. కానీ కంచిపట్టు, నిండుగా బంగారు జరీ, హారం, వడ్డాణం వేసుకునే చోట ఈ పద్ధతి నిలవదు. బంగారం అంత ఎక్కువగా ఉన్నప్పుడు రెండు వెండి ముక్కలు కంటికి ఆనవు, లోటులా కనిపిస్తాయి. పెళ్లికూతురికి నేనైతే ఏ కలయికా చెప్పను. అక్కడ బంగారమే ఉండనివ్వాలి.

మధ్యవర్తి నగ నాకు అన్నిటికంటే ఇష్టం, కారణం అది చాలా ఇళ్లలో ఇప్పటికే ఉంది. బంగారంలో పొదిగిన రాళ్ల గాజును దగ్గరగా చూడండి. రాయి చుట్టూ ఉన్న లోహానికి చాలాసార్లు తెల్లని రోడియం పాలిష్ వేస్తారు, రాయి ఇంకా తెల్లగా కనపడాలని. అంటే ఆ గాజులో పసుపూ తెలుపూ రెండూ ఉన్నాయి. దాని పక్కన బంగారు గాజు పెట్టినా, వెండి గాజు పెట్టినా ఒప్పుతుంది. రాళ్లు లేకపోతే ముత్యాలు. హైదరాబాద్‌లో కొన్న ముత్యాల దండ చాలా ఇళ్లలో ఉంటుంది కదా, అందులో బంగారు గుండ్లు గుచ్చి ఉంటే అది తిరుగులేని వారధి. ముత్యపు తెలుపు వెండిని పిలుస్తుంది, గుండ్లు బంగారాన్ని పిలుస్తాయి.

చేతికి మూడు లోహాలూ కలిపి వేసుకునేవాళ్లకు ఈ మధ్యవర్తి తప్పనిసరి అంటాను. బంగారు గాజు, దాన్ని ఆనుకునే రోజ్ గోల్డ్ గాజు వేస్తే ఇందాక చెప్పిన వెలిసిపోయిన చిక్కు వస్తుంది. రెండింటి నడుమ ఒక సన్నని తెల్లరాళ్ల గాజో, వెండి గాజో పడితే కంటికి ఆనవాలు దొరుకుతుంది, ఇటు పసుపు, అటు గులాబీ అని రెండూ వేరుగా తెలుస్తాయి. గాజులన్నీ ఇంచుమించు ఒకే లావు ఉండాలి. ఒకటి లావు కడియం, మిగతావి తీగల్లాంటివి అయితే రంగు తేడా రెట్టింపు కనిపిస్తుంది.

స్టీలు వాచీని మాత్రం బంగారు గాజులున్న చేతికి పెట్టకండి. 22 క్యారెట్ల బంగారం చాలా మెత్తన, స్టీలు గట్టిది. రోజూ రాసుకుంటే కొన్ని వారాల్లోనే గాజు నునుపు మీద సన్నని గీతలు పడతాయి. అటు వాచీ పూత కూడా బకిల్ దగ్గర, అంచుల దగ్గర అరిగి కింది తెల్ల స్టీలు బయటపడుతుంది. అప్పుడది రోజ్ గోల్డూ కాదు, వెండి రంగూ కాదు, దేనితోనూ కలవదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా బయల్దేరే ముందు పగటి వెలుగులో, కిటికీ దగ్గర ఒకసారి చూసుకోవాలి. పసుపు లైటు కింద రోజ్ గోల్డూ బంగారమూ దాదాపు ఒకేలా ఉంటాయి, బయట ఎండలోకి రాగానే విడిపోతాయి. మెరుగు తేడా తెలియాలంటే ఫోన్‌లో ఒక ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగులు పోయాక కూడా ఏదైనా ఒక నగ మరీ తెల్లగా పేలిపోయినట్టో, మరీ నల్లగానో విడిగా కనిపిస్తే గొడవ దాని మెరుగుతోనే.

ఆ రోజు మేం మొదట జుంకాలు తీసి బంగారు బుట్టకమ్మలు పెట్టి చూశాం. మెడ, చెవులు కలిశాయి గానీ చీరలోని వెండి ఒంటరిదైపోయింది, చీర వేరు, నగలు వేరు అన్నట్టు తయారైంది. తర్వాత జుంకాలు మళ్లీ పెట్టి, నల్లపూసలతో పాటు బంగారు గుండ్లున్న ఒంటిపేట ముత్యాల దండ వేశాం. మెడలో తెలుపు చేరగానే చెవుల వెండికి తోడు దొరికింది. కానీ జుంకాల నలుపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వాటి బదులు మా అత్తయ్య పాత వెండి జుంకాలు, నలుపు లేనివి, మెత్తని బట్టతో తుడిచి పెట్టాం. గాజుల మెరుగూ వాటి మెరుగూ ఒక్కటయ్యాయి. ఇక మిగిలింది వాచీ. గులాబీ రంగుకు చీరలో గానీ నగల్లో గానీ తోడు లేదు. వదిన దగ్గర రోజ్ గోల్డ్ ఉంగరం ఉంది, దాన్ని వాచీ ఉన్న చేతి వేలికి పెడితే రెండు చోట్ల అవుతుందనుకున్నాం. పక్కపక్కన పెట్టి చూస్తే వాచీ రాగి ఎరుపు, ఉంగరం లేత గులాబీ. రెండూ కలవలేదు. చివరికి వాచీ తీసేసి ఉంగరం ఉంచింది, దాని మధ్యలో తెల్లరాయి ఉంది కాబట్టి అది ముత్యాలతో కలిసింది. ఎడమ చేతికి వాచీ బదులు ఒక వెండి గాజు వేసుకుని బయల్దేరింది.