డీసీ ఎర్త్ ఫాల్ట్ వెతకడానికి ఏది మేలు: ఎంసీబీలు ఆపి చూడటమా, క్లాంప్ లొకేటరా?

వానాకాలం మొదలవగానే సబ్‌స్టేషన్లలో పనిచేసే మిత్రులు అడిగే ప్రశ్న ఇదే. డీసీ ఎర్త్ ఫాల్ట్ అలారం వచ్చింది, ప్లస్‌కీ ఎర్త్‌కీ, మైనస్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉండే రెండు ల్యాంపుల్లో ఒకటి మసకబారింది, ఇంకోటి బాగా వెలుగుతోంది. ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపుతూ వెతకాలా, లేక క్లాంప్ లొకేటర్ తెప్పించాలా?

మసకబారిన ల్యాంపు వైపే ఫాల్ట్ అని అందరికీ తెలుసు. కానీ చాలామంది ఎంసీబీ ఆపి మళ్లీ ల్యాంపు వంకే చూస్తారు. నా లెక్కలో అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. చూడాల్సింది డిజిటల్ మీటరులో ప్లస్ నుంచి ఎర్త్‌కీ, మైనస్ నుంచి ఎర్త్‌కీ ఉన్న వోల్టేజీలు.

ఒక రోజు మా 220 వోల్టుల బ్యాటరీ మీద ఇదే జరిగింది. ఫాల్ట్ లేనప్పుడు చెరో 110 ఉండాల్సింది, ప్లస్ 40, మైనస్ 180 చూపించాయి. ఒక్కో ల్యాంపు దారిలో సుమారు 22 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంది కాబట్టి, ప్లస్ వైపు లీకేజీ దాదాపు 6.3 కిలో ఓమ్‌లు అని తేలింది. నాతో ఉన్న కుర్రాడు అలారం సర్క్యూట్ ఎంసీబీ ఆపాడు. "ల్యాంపు అలాగే ఉంది సార్, ఇది కాదు" అని మళ్లీ వేయబోయాడు. మీటరు చూస్తే 63, 157 అయ్యాయి. అంటే ఫాల్ట్ పూర్తిగా పోలేదు కానీ కొంత తగ్గింది. అలా తగ్గిందంటే లీకేజీ ఒక్కచోట లేదు, రెండు చోట్ల ఉంది. ఆ ఎంసీబీ ఆపే ఉంచి ముందుకు వెళ్లాం. ఒక బ్రేకరు స్ప్రింగ్ ఛార్జింగ్ మోటారు సప్లై కూడా ఆపాక 110, 110కి వచ్చింది. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ మార్షలింగ్ బాక్సులో నీళ్లు, ఇంకోచోట బ్రేకరు బాక్సులో చెమ్మ. మొదటిదాన్ని "ఇది కాదు" అని మళ్లీ వేసి ఉంటే, ఎంసీబీలన్నీ ఒక్కొక్కటిగా ఆపినా 110 ఎక్కడా వచ్చేది కాదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. రెండు వైపుల నుంచి సప్లై వచ్చే రింగు ఉంటే ఒక ఎంసీబీ ఆపినా ఏమీ మారదు, రెండో చివర కూడా విప్పాలి. ఒక్క పోలు మాత్రమే తీస్తే ఫాల్ట్ రెండో పోలు ద్వారా కాయిల్ దాటి ఇంకా కనపడుతూనే ఉంటుంది. అందుకే ప్లస్, మైనస్ రెండూ తీయాలి. అన్నిటికంటే భయపెట్టేది ప్రొటెక్షన్ సర్క్యూట్లు. రిలేకి డీసీ ఆపితే ఆ ఫీడరుకి రక్షణ లేదు, మళ్లీ వేసేటప్పుడు అనవసరంగా ట్రిప్ అయ్యే అవకాశమూ ఉంది.

క్లాంప్ లొకేటర్ గెలిచేది ఇక్కడే. అది డీసీ బస్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పంపుతుంది. కేబుల్ చుట్టూ క్లాంప్ పెడితే ఆ సిగ్నల్ ఎటు పోతోందో తెలుస్తుంది, ఏదీ ఆపక్కర్లేదు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ క్లాంప్ లోపలే ఉండాలి, అప్పుడే లోడు కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అయితే పొడవాటి కేబుళ్ల కెపాసిటెన్స్, న్యూమరికల్ రిలేల సప్లైలో ఎర్త్‌కి ఉన్న ఫిల్టర్ కెపాసిటర్లు కూడా ఆ సిగ్నల్‌ని లాగేస్తాయి. అందువల్ల మంచి ఫీడరు కూడా చెడ్డదిలా కనిపించవచ్చు. లీకేజీ రెసిస్టెన్స్ ఎక్కువైన కొద్దీ ఈ అయోమయం పెరుగుతుంది.

ఫీడరు వారీగా శాశ్వతంగా పెట్టే మానిటర్లు కూడా ఉన్నాయి. కొత్త ప్యానెల్ వస్తే అడగండి, పాతవాటికి బిగించడం మాత్రం పెద్ద పని.

నా ఓటు మీటరుతో కూడిన ఐసొలేషన్‌కే. లొకేటర్ "ఇక్కడ అనుమానం" అని చెబుతుంది, ఎంసీబీ ఆపినప్పుడు మారిన వోల్టేజీ అనుమానం తీరుస్తుంది. ముందు ఎమర్జెన్సీ లైట్లు, ఆ తర్వాత అలారం, స్ప్రింగ్ మోటార్లు ఆపి చూడండి. ప్రతిసారీ రెండు వోల్టేజీలూ కాగితం మీద రాయండి. ట్రిప్ సర్క్యూట్ దాకా వస్తే ఎంసీబీ మీద చేయి వేయకముందే లొకేటర్ తెప్పించండి. ఆపక తప్పదంటే లోడ్ డిస్పాచ్ అనుమతి తీసుకుని, రెండో ట్రిప్ కాయిల్ సప్లై బాగుందో లేదో చూశాకే ఆపండి.

ఇంకొక్క మాట. అలారం ఉండగా ఎర్త్‌కి టెస్ట్ ల్యాంపు పెట్టి చూడకండి. ప్లస్‌లో ఫాల్ట్ ఉండగా మీరు ఆ ల్యాంపు తాకించిన వైరు ట్రిప్ కాంటాక్టుకీ కాయిల్‌కీ మధ్యదైతే, కాయిల్‌కి కరెంటు పోయే దారి ఏర్పడుతుంది. కాయిల్ సున్నితమైనదైతే బ్రేకరు పడిపోతుంది.