మా కుండీలకు నీళ్ళు పోసిన చేతులకు కాశీ నుంచి ఏం తెచ్చాం

ఫిబ్రవరి నెలలో మేమిద్దరం పర్లాకిమిడిలోని మా ఇంటికి తాళం వేసి 22 రోజుల పాటు ప్రయాగ, కాశీ, గయ, పూరీ యాత్ర చేసి వచ్చాం. ఇంటి తాళం చెవిని కుడి పక్క ఉన్న తెలుగువారి ఇంటి పిన్నిగారికి అప్పగించాం. డాబా మీద ఉన్న 31 కుండీలకు రోజూ నీళ్ళు పోసే పనిని ఎడమ పక్క ఉన్న ఒడియా కుటుంబం, అంటే మేము మాఉసీ అని పిలిచే ఆవిడ, తానే అడిగి తీసుకుంది. యాత్రలో బసలు, భోజనాలు ఎలా ఉన్నాయో చాలామంది రాస్తారు గనుక, ఆ ఇద్దరికీ ఏ ఊరిలో ఏం కొనడం సబబుగా ఉంటుందో, ఏది దారిలోనే పాడవుతుందో, ఇచ్చే విషయంలో మేము ఎక్కడ పొరబడ్డామో ఇక్కడ చెబుతాను.

ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం అనే సంప్రదాయ క్రమంలోనే వెళ్ళి, తిరుగు ప్రయాణంలో పూరీ చూసుకున్నాం. కానుకలకు ఈ క్రమం బాగా కలిసివచ్చింది, ఎందుకంటే పాడవని వస్తువులు దొరికే కాశీ మధ్యలోను, తినే పదార్థాలు దొరికే గయ, పూరీ చివరలోను వచ్చాయి. ప్రయాగలో మేమేమీ కొనలేదు. అక్కడి జామపండ్లకు ఎంత పేరున్నా మూడు వారాలు మోయగలిగినవి కావు, పైగా మాఘమేళా రద్దీలో సామాను పెరగడం మంచిది కాదు.

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేశాం. తెలుగువారి ఆశ్రమాలు ఎక్కువగా ఉన్న మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ ప్రాంతంలో దిగాం. హోటల్ గదితో పోలిస్తే ఆశ్రమపు గది సాదాగానే ఉంటుంది. అయినా మధ్యాహ్నం మన పప్పు, చారుతో భోజనం దొరకడమే కాక, కొన్న వస్తువులను నాలుగు రోజులు గదిలో ఉంచి పరీక్షించుకునే వీలుండటం మాకు ఎంతో ఉపయోగపడింది. ఆ వీలు లేకపోతే గంగ చెంబుల సంగతి మాకు ఇంటికి వచ్చాక గాని తెలిసేది కాదు.

కాశీ వెళ్ళివచ్చిన తెలుగువారు గంగ చెంబు, కాలభైరవుడి తాళ్ళు, ఇత్తడి అన్నపూర్ణ విగ్రహం తెచ్చి పంచడం మన ఇళ్ళలో ఉన్నదే. గంగ చెంబు అంటే నీళ్ళు నింపి, మూతిని రేకుతో మూసి, చుట్టూ మాటు వేసిన చిన్న రాగి చెంబు. మూడో రోజున విశ్వనాథ గల్లీ వైపు ఒక చిన్న దుకాణంలో ముందే నింపి మాటు వేసి ఉంచిన రెండు చెంబులు కొన్నాం. మా పక్క గదిలో దిగిన రాజమండ్రి పెద్దాయన వాటిని చేతిలోకి తీసుకుని, అంచు వెంట వేలితో తడిమి, "అమ్మా, దీన్ని గుడ్డతో పొడిగా తుడిచి, వార్తాపత్రికలో చుట్టి, రాత్రంతా తలకిందులుగా పెట్టి చూడండి" అన్నారు. ఉదయం విప్పి చూస్తే, ఒకదానికి చుట్టిన కాగితం మూతి దగ్గర రూపాయి బిళ్ళంత మేర తడిసి, ఆరిన చోట గోధుమరంగు అంచు కట్టింది. మాటులో సూదిమొనంత సందు ఉన్నా నిటారుగా నిలబెట్టినప్పుడు తెలియదు. రైలులో బట్టల మధ్య పక్కకు ఒరిగితే రెండు రోజుల్లో చెంబు ఖాళీ అవుతుంది, బట్టలు తడుస్తాయి.

దుకాణదారు దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ తరువాత మేము ఖాళీ చెంబులు కొని, తెల్లవారుజామున స్నానానికి వెళ్ళినప్పుడు గంగ నీటిని మేమే ముంచుకుని, మా కళ్ళెదుట మాటు వేసే మనిషి దగ్గర మూయించుకున్నాం. అతను చెంబును అంచు వరకు నింపనివ్వక, ఒక వేలి మందం ఖాళీ ఉంచమన్నాడు. నీరు రేకుకు తగులుతుంటే వేడి నిలవక మాటు సరిగా పట్టదని అతను చెప్పిన కారణం నాకు సమంజసంగా తోచింది. ఎవరికైనా ఇవ్వదలచిన చెంబును ఇలాగే చేయించుకోవాలని, ఆ రాత్రి కాగితం పరీక్ష తప్పక చేయాలని నా అభిప్రాయం. పూజగదిలో పెట్టుకోమని ఇచ్చిన చెంబు వారం తిరగకుండా ఖాళీ అయితే, అది మనకు చెప్పడానికి కూడా వాళ్ళు మొహమాటపడతారు.

పిన్నిగారికి బనారసు పట్టుచీర తీసుకుందామని మావారు అన్నారు. నేను వద్దన్నాను. అంత ఖరీదైనది ఇస్తే తిరిగి అంతటిది పెట్టాలన్న భారం ఆవిడ మీద పడుతుంది, మరోసారి తాళం చెవి ఇవ్వడానికి మాకూ సంకోచం కలుగుతుంది. బాబాయిగారికి చక్కెర వ్యాధి ఉంది కాబట్టి ఆ ఇంటికి మిఠాయి ప్రధాన కానుక కాకూడదనుకున్నాం. చివరికి వాళ్ళకు ఒక గంగ చెంబు, బియ్యంలో నిలబెట్టి పూజించే చిన్న అన్నపూర్ణ విగ్రహం నిర్ణయించాం. మాఉసీకి రెండో చెంబు, తినేవి గయ, పూరీల నుంచి.

గయలో రమణా రోడ్డు దుకాణాల ముందు తిల్‌కుట్ తయారవుతూనే కనబడుతుంది. వేయించిన నువ్వులను పంచదార పాకంతో గాని బెల్లం పాకంతో గాని కలిపి, రోకళ్ళతో దంచి బిళ్ళలుగా చేస్తారు. పొడిగా ఉంచితే వారాల తరబడి నిలవుంటుంది. కోవా కలిపిన రకం మాత్రం అంతకాలం ఆగదు, మాకు ఇంకా పూరీ మజిలీ మిగిలి ఉంది కాబట్టి అది తీసుకోలేదు. తిల్‌కుట్‌కు ఉన్న ఇబ్బంది పెళుసుదనం. సంచి అడుగున పెడితే పొడి అయిపోతుంది. అట్టపెట్టెను స్టీలు డబ్బాలో దించి, ఖాళీల్లో కాగితం కుక్కి తెచ్చినందువల్ల మాకు కిలోలో నాలుగైదు బిళ్ళలే విరిగాయి. మన ఇళ్ళలో నువ్వులను చేతి నుంచి చేతికి అందించరు గనుక, దీన్ని పళ్ళెంలో పెట్టి ఇవ్వాలని అక్కడే అనుకున్నాం.

పూరీలో నాలుగు రోజులున్నా, ఖాజాలు కొన్నది మాత్రం బయలుదేరే రోజు సాయంత్రమే. మైదా పొరలు పొరలుగా మడిచి, వేయించి, పాకం పట్టిన ఈ ఖాజా మన తాపేశ్వరం కాజాకు చుట్టంలా ఉంటుంది గాని పాకం తక్కువ, పొర గట్టి. సముద్రపు గాలికి ఇది ఒక పూటలోనే మెత్తబడటం మొదలవుతుంది. వెదురుబుట్టలో చూడటానికి ముచ్చటగా ఉన్నా బుట్టతోనే తెస్తే పొరల కరకర పోతుంది. బుట్టను విడిగా పట్టుకుని, ఖాజాలను గాలి చొరని డబ్బాలో తెచ్చి, ఇచ్చే ముందు మళ్ళీ బుట్టలో సర్దాం. నేతివా, నూనెవా అన్నది ఒక ముక్క విరిచి వేళ్ళు వాసన చూస్తే తెలిసిపోతుంది. మాఉసీ కోసం జగన్నాథుని నిర్మాల్యం కూడా తెచ్చాం. మహాప్రసాదపు అన్నాన్ని ఎండబెట్టి, చిన్న ఎర్రగుడ్డ మూటల్లో కట్టి ఇచ్చేదే నిర్మాల్యం. ఒడియా ఇళ్ళలో దానికి ఉన్న గౌరవం, మాఉసీ దాన్ని రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకున్నప్పుడు నాకు కళ్ళారా తెలిసింది.

పూరీ నుంచి గుణుపురం వెళ్ళే రైలు మా ఊళ్ళో ఆగుతుంది కాబట్టి ఆ డబ్బాలను మరో బండిలోకి మార్చే పని లేకపోయింది. దిగిన రోజు సాయంత్రమే రెండు ఇళ్ళకూ వెళ్ళి కానుకలు ఇచ్చాం. మా పొరపాటు ఆ సాయంత్రమే బయటపడింది.

మాఉసీ మోకాళ్ళ నొప్పితో రెండో రోజు నుంచే డాబా మెట్లు ఎక్కలేకపోయిందట. 20 రోజులు నీళ్ళు పోసింది తొమ్మిదో తరగతి చదువుతున్న ఆమె మనవరాలు. మా డాబా గోడకు వేలాడే క్యాలెండరు మీద ప్రతి తేదీ గడిలోను పెన్సిలుతో చిన్న నీటిచుక్క బొమ్మ ఉంది, రెండు గడుల్లో రెండేసి చుక్కలు ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉన్న ఆ రెండు రోజులు సాయంత్రం కూడా పోశానని ఆ పిల్ల చెప్పింది. ఆమె కోసం మేమేమీ తేలేదు. కాలభైరవుడి తాడు ఒకటి ఆ చేతికి కట్టి ఇంటికి వచ్చానే గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానుకను ఇంటిపెద్ద పేరున లెక్కవేసుకున్నానే తప్ప, నిజంగా బిందె మోసేది ఎవరని 22 రోజుల్లో ఒక్కసారైనా ఫోనులో అడగలేదు. అడిగి ఉంటే కాశీ కొయ్యబొమ్మల దుకాణంలో ఆ పిల్లకు నచ్చే రంగుల పెట్టె ఒకటి తేలికగా దొరికేది.

కుండీల్లో ఒక్క అడీనియమే పోయింది. ఆకులు పసుపు రంగుకు తిరిగి మెత్తగా రాలాయి, కాండం మొదట్లో నొక్కితే వేలు లోపలికి దిగింది. నీళ్ళు చాలకపోతే కాండం ముడుతలు పడుతుందే గాని ఇలా కుళ్ళదు, కనుక ఇది నీరు ఎక్కువైన చావు. తప్పు ఆ పిల్లది కాదు. అన్ని కుండీలకూ చెంబుడు పోయమని చెప్పి వెళ్ళింది నేను. అడీనియానికి వారానికి ఒకసారి చాలునని, దాన్ని విడిగా నీడ పక్కన పెట్టి చెప్పవలసింది. ఆ పిల్ల దాని గురించి భయపడుతూ అడిగినప్పుడు ఇదే మాట చెప్పాను.

మేము లేనప్పుడు డాబా కుళాయి కారుతుంటే పిన్నిగారు మనిషిని పిలిపించి 180 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బును కానుకతో కలపకుండా మరునాడు విడిగా తీసుకెళ్ళి ఇచ్చాం. కలిపి ఇస్తే కానుక చెల్లింపులా కనబడుతుంది, డబ్బు తీసుకోవడానికి వాళ్ళూ ఒప్పుకోరు.

మనవరాలికి ఏం ఇవ్వాలో ఆ పిల్ల మాటల్లోనే దొరికింది. రోజూ నీళ్ళు పోసి వెళ్ళేటప్పుడు సన్నజాజి దగ్గర కాసేపు నిలబడేదాన్నని చెప్పింది. మార్చి మొదటి వారంలో ఆ తీగలో పెన్సిలంత లావున్న కొమ్మను వంచి, ఒక కణుపు కింద బెరడును అంగుళం మేర గీకి, పక్కనే పెట్టిన మట్టి కుండీలో ఆ భాగాన్ని పాతి, పైకి లేవకుండా చిన్న రాయి పెట్టాను. మట్టి తడి ఆరకుండా చూసుకున్నాను. ఏప్రిల్ చివర్లో కొమ్మను మెల్లగా లాగి చూస్తే అది కదలలేదు, చివర కొత్త చిగురు వచ్చింది. వేరు పట్టిందని ఆ రెండు గుర్తుల వల్ల నిశ్చయించుకుని, తల్లి తీగ వైపు కోసి, మరో వారం నీడలో ఉంచాను. ఆ తరువాత కుండీని ఆ పిల్లే వచ్చి రెండు చేతులతో ఎత్తుకుని వాళ్ళ డాబా మీదికి తీసుకెళ్ళి, ఉదయపు ఎండ తగిలే మూలన పెట్టుకుంది.