ఉమ్మడి వ్యాసాల కోసం రాసే మెయిల్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఇద్దరు బ్లాగర్లు కలిసి ఒక వ్యాసాల వరుస రాయాలంటే మొదట వెళ్లేది ఒక మెయిల్. నేను ఏళ్లుగా ఒకే నమూనా వాడుతున్నాను. దాన్ని హైదరాబాద్ విషయంతో ఇక్కడ పూర్తిగా ఇస్తున్నాను. రాసేవారు చరిత్ర బ్లాగరు, అందుకునేవారు నీటి వనరుల మీద రాసే బ్లాగరు.

విషయం: మూసీ వరద 1908, ఇద్దరం కలిసి నాలుగు భాగాలు

"నమస్కారమండీ. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తేముందు కింది బస్తీలకు కబురు ఎలా చేరుతుందో మీరు రాసిన వ్యాసం చదివాను. నేను 1908 వరద మీద రాస్తున్నాను. ఆ వరద తర్వాత కట్టిన జలాశయాలు ఎలా పనిచేస్తాయో చెప్పడం నాకు చేతకాదు, మీకు వచ్చు.

నాలుగు భాగాలు అనుకుంటున్నాను. ఒకటి, 1908 సెప్టెంబరు 28 నాటి వరద: నేను. రెండు, 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య గారి సూచనలు, మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టడానికి కారణాలు: మీరు. మూడు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చేసిన మార్పులు: నేను. నాలుగు, 2020 అక్టోబరు వరద, ఇప్పటి గేట్ల నిర్వహణ: మీరు.

ఎవరు రాసింది వారి బ్లాగులోనే ఉంటుంది. రెండోవారు తమ దగ్గర రెండు పేరాల పరిచయం, లింకు పెడితే చాలు. మీ భాగంలో మీ మాటే చివరిది. నేను తేదీలు, పేర్లు మాత్రం చూసి పంపుతాను, మీరూ నా భాగాన్ని అలాగే చూడండి.

ముందు మొదటి రెండు భాగాలకే ఒప్పుకుందాం. అవి వచ్చాక మిగతా రెండింటి సంగతి మాట్లాడుకుందాం. మొదటి భాగం సగం రాశాను, లింకు కింద ఉంది.

రెండో భాగం మీరు రాయగలరా? ఈ నెల పదిహేనులోగా ఒక్క మాట చెప్పండి."

ఇందులో ఎక్కువ పని చేసేది నాలుగో పేరా. నాలుగు భాగాలకూ ఒకేసారి సరే అనమంటే ఉద్యోగం చేసుకుంటూ రాసేవారు జంకుతారు. "చూద్దామండీ" అని ఊరుకుంటారు. రెండింటికే అడిగితే వాళ్ల వంతు ఒక్క వ్యాసమే, వారాంతాల్లో అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మూడోది ఆగిపోయినా 1908 వరద, దానికి వచ్చిన పరిష్కారం అన్న రెండు భాగాలూ తమంతట తాము నిలబడతాయి. భాగాలు విడగొట్టేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. వరద కథని మూడు ముక్కలు చేసి జలాశయాలను చివరికి నెడితే, మధ్యలో ఆగినప్పుడు పాఠకుడి చేతిలో సగం కథే మిగులుతుంది.

సగం రాసిన ప్రతి పంపడం ఈ నమూనాలో నాకు బాగా నచ్చిన సంగతి. అది మీ శైలి చూపిస్తుంది, ఎంత నిడివి కావాలో చూపిస్తుంది, మీరు పని మొదలుపెట్టారన్న నమ్మకం కలిగిస్తుంది. పూర్తిగా రాసి పంపితే మాత్రం ఫలితం తిరగబడుతుంది. అవతలివారికి తాము భాగస్వాములం కాదు, మిగిలిన ఖాళీ నింపేవాళ్లం అనిపిస్తుంది. ఐదారు పేరాలు, ఆ తర్వాతి ఉపశీర్షికలు ఉంటే సరిపోతుంది. అనూ ఫాంట్లలో రాసుకునే అలవాటున్నవారు దాన్ని తప్పకుండా యూనికోడ్‌లోకి మార్చి పంపాలి. ఆ ఫాంటు లేని ఫోనులో అది అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది, అవతలివారు ఆ మాట కూడా చెప్పకుండా మెయిల్ మూసేస్తారు.

ఎవరి భాగం ఎవరి దగ్గర ఉండాలన్న మూడో పేరా లేకపోతే తగువు తర్వాత వస్తుంది. మామూలుగా వచ్చే ఆలోచన, నాలుగు భాగాలూ రెండు బ్లాగుల్లో పూర్తిగా వేసుకోవడం. అలా చేస్తే ఒకే వ్యాసం రెండు చోట్ల కనిపించి, గూగుల్ సాధారణంగా ఒక్కదాన్నే చూపిస్తుంది. రాసినవారి పేజీ వెనక్కి పోయి, ఎక్కువ లింకులున్న రెండోవారి పేజీ ముందుకొస్తే మనసులు విరుగుతాయి. `rel="canonical"` పెట్టి అసలు పేజీ ఏదో చెప్పొచ్చు గానీ, గూగుల్ దాన్ని సూచనగానే తీసుకుంటుంది. పైగా బ్లాగ్‌స్పాట్ ప్రతి పేజీకీ తన చిరునామానే canonical గా పెట్టేస్తుంది. మీరు రెండోది చేర్చితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే పరిచయం, లింకు అన్న పద్ధతి మేలు. సాంకేతికంగా సరిచేయాల్సింది ఏమీ మిగలదు.

లోపాలూ ఉన్నాయి. ఈ నమూనాలో బొమ్మల ఊసు లేదు, డబ్బు ఊసు లేదు. మొదటి మెయిల్‌లో అవి రాకపోవడం సరైనదే, కానీ అవతలివారు సరే అన్న వెంటనే వెళ్లే రెండో మెయిల్‌లో రెండూ రావాలి. ఎవరి బ్లాగులో వచ్చిన ప్రకటనల ఆదాయం వారిదే అని ఒక్క వాక్యం చాలు. బొమ్మల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. 1908 వరదలో అఫ్జల్ పార్కులో ఎందరినో కాపాడిన చింతచెట్టు ఫోటో మీరు తీసి ఉంటే, అది ఇద్దరి పేజీల్లోనూ వాడొచ్చా, కింద ఎవరి పేరు ఉండాలో రాసుకోండి. 1908 నాటి పాత ఫోటోలైతే ఎక్కడి నుంచి తెచ్చారో ఆ మూలం ప్రతి బొమ్మ కిందా ఉండాలి. ఇంకెవరి సైటు నుంచో దించుకున్న స్కాన్ అయితే ఇద్దరికీ ఇబ్బందే.

సమయం విషయంలో ఈ మెయిల్ బాగా దెబ్బతింటుంది. సెప్టెంబరు 28కి మొదటి భాగం రావాలనుకుంటే మెయిల్ ఆగస్టు మొదటి వారంలోనే వెళ్లాలి. రెండో భాగం రాసేవారికి పాత నివేదికలు వెతకడానికే రెండు మూడు వారాంతాలు పడతాయి. ఆపైన వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా హైదరాబాద్‌లో ఎవరూ కుదురుగా కూర్చోరు. సెప్టెంబరు మధ్యలో పంపిన మెయిల్‌కి జవాబు వచ్చినా హడావిడి వ్యాసమే వస్తుంది, ఆ హడావిడిలో ముందు తప్పేవి తేదీలు. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయితే హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. జంట జలాశయాలు కదా అని రెండింటికీ ఒకే ఏడాది రాసేస్తుంటారు. తేదీలు చూసి పంపుతాననే వాక్యం మెయిల్‌లో ఉన్నది ఇలాంటివాటి కోసమే.

విషయం వరుసలో మూసీ వరద అన్న మాటలే ముందుండాలి. ఫోనులో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, తెలుగు అక్షరాలు చోటు ఎక్కువ తీసుకుంటాయి. "సహకార ప్రతిపాదన" అని మొదలుపెడితే అసలు సంగతి తెగిపోతుంది, ప్రకటనల మెయిల్ అనుకుని వదిలేస్తారు. బ్లాగులోని సంప్రదింపు ఫారం ద్వారా పంపాల్సి వస్తే కొన్నిచోట్ల పేరాలన్నీ కలిసిపోతాయి. అందుకే భాగాలను గుర్తులతో కాకుండా ఒకటి, రెండు అని మాటల్లో రాశాను.

గడువు దాటి వారమైనా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాయండి: "వీలుపడకపోతే ఫర్వాలేదండీ. రెండో భాగం కూడా నేనే క్లుప్తంగా రాసి, జలాశయాల మీద మీ పాత వ్యాసానికి లింకు ఇస్తాను, అభ్యంతరం ఉంటే చెప్పండి." దీనికి కూడా జవాబు లేకపోతే ఇక రాయొద్దు. లింకు మాత్రం ఇవ్వండి.