పదమూడేళ్లు వాడిన చోక్ ట్యూబ్‌లైట్: కొట్టుకున్నప్పుడు తప్పు స్టార్టర్‌దా, చోక్‌దా, హోల్డర్‌దా?

తెనాలిలో ఇల్లు కట్టుకున్నప్పుడు, 2011లో, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి నాలుగడుగుల ట్యూబ్‌లైట్ పట్టీలు వేయించాం. రెండూ రాగి చోక్, స్టార్టర్ ఉన్నవే. పదమూడేళ్లు దాటింది, రెండూ ఇంకా వెలుగుతున్నాయి. ఇన్నేళ్లలో వంటింటి పట్టీకి స్టార్టర్లు, ట్యూబులు తప్ప ఏమీ మార్చలేదు. హాల్లోది మాత్రం చాలా నేర్పింది. వాడకం మీద నా అభిప్రాయం అడిగితే చోక్‌కి పూర్తి మార్కులు వేస్తాను, స్టార్టర్‌కి సగం, ట్యూబ్‌ని పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్లకి అంతకన్నా తక్కువ. ఎందుకో చెప్పాలంటే లైటు ఎలా వెలుగుతుందో ముందు నాలుగు మాటలు చెప్పాలి.

స్విచ్ వేయగానే ట్యూబ్ వెలగదు. ముందు కరెంటు చోక్ గుండా వచ్చి, ట్యూబ్ ఒక చివర ఉన్న ఫిలమెంట్ దాటి, స్టార్టర్‌లోకి వెళ్లి, రెండో చివరి ఫిలమెంట్ మీదుగా తిరిగిపోతుంది. స్టార్టర్ లోపల చిన్న గాజు బుడ్డి, అందులో వేడికి వంగే రేకు ఉంటాయి. రేకు వంగి అంటుకున్న కాసేపు రెండు ఫిలమెంట్లూ వేడెక్కుతాయి. రేకు చల్లారి విడిపోయిన క్షణంలో చోక్ వందల వోల్టుల దెబ్బ ఒకటి కొడుతుంది, దాంతో ట్యూబ్ అంటుకుంటుంది. అంటుకున్నాక ట్యూబ్ రెండు చివరల మధ్య సుమారు 100 వోల్టులే ఉంటాయి. అంత తక్కువ వోల్టేజికి స్టార్టర్ పని చేయదు, ఊరికే ఉండిపోతుంది. అంటే వెలుగుతున్న ట్యూబ్‌కి స్టార్టర్ అక్కరలేదు. తప్పు ఎక్కడుందో పట్టడానికి నాకు ఎప్పుడూ పనికొచ్చింది ఈ ఒక్క సంగతే.

మొదటిసారి తెలిసింది 2014లో. వంటింటి ట్యూబ్ రెండు చివరలూ ఎర్రగా కాలుతున్నాయి, మధ్యలో చీకటి. కొట్టుకోవడం కూడా లేదు. పొడి ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, చెప్పులు వేసుకునే, స్టార్టర్‌ని ఎడమవైపు పావు వంతు తిప్పి లాగాను. చేతిలోకి వచ్చిన మరుక్షణమే ట్యూబ్ నిండుగా వెలిగింది. లోపలి రేకులు అతుక్కుపోయి విడిపోవడం మానేశాయన్న మాట. అవి చేయాల్సిన పని నా చెయ్యి చేసింది. పదిహేను రూపాయల కొత్త స్టార్టర్‌తో సరిపోయింది. ఇలా చివరలు మాత్రమే కాలుతుంటే పొద్దున చూద్దాంలే అని రాత్రంతా వదిలేయకండి. ఫిలమెంట్లు అదేపనిగా కాలి, బాగున్న ట్యూబ్ కూడా చివరలు నల్లబడి పాడవుతుంది.

వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతూ కొట్టుకుంటుంటే ఇంత తేలిగ్గా తేలదు. అప్పుడు నేను చేసేదేమిటంటే, ట్యూబ్ నిండుగా వెలిగిన క్షణం చూసి స్టార్టర్ లాగేస్తాను. ఆ తర్వాత ట్యూబ్ నిలకడగా వెలిగితే స్టార్టర్‌నే ముందు అనుమానిస్తాను. లాగాక కూడా వెలుతురు పాము పాకినట్టు అలలుగా కదులుతుంటే, లేదా కాసేపటికే నీరసించి ఆరిపోతే ట్యూబ్‌కి వయసు అయిపోయిందని అర్థం. ముసలి ట్యూబ్‌కి నిలబడటానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ పెరిగిన వోల్టేజి స్టార్టర్‌ని మళ్లీ నిద్ర లేపుతుంది, అది మళ్లీ వెలిగించబోతుంది, ఇలా ఆగకుండా సాగుతుంది. చివర్లలో అరచేయి వెడల్పున నలుపు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. రెండు పట్టీలు ఉన్న ఇంట్లో ఇంకో సౌకర్యం ఉంది: బాగున్న గది స్టార్టర్ తెచ్చి ఇక్కడ పెట్టి చూడొచ్చు. నేను ఎప్పుడూ ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను. స్టార్టర్, ట్యూబ్ రెండూ ఒకేసారి మారిస్తే లైటు వెలుగుతుంది గానీ తప్పు దేనిదో తెలియదు.

ఇక హాల్లో పట్టీ సంగతి. మూడేళ్ల కిందట వానాకాలంలో అది కొట్టుకోవడం మొదలైంది. దాంతోపాటు గుయ్యిమని మోత. స్టార్టర్ మార్చాను, మారలేదు. వంటింటి ట్యూబ్ తెచ్చి పెట్టాను, అదీ కొట్టుకుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన వచ్చి ఒక నిమిషం విని, "మోత వస్తోంది కదండీ, చోక్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. చోక్ 350, కూలి 200. ఆ రాత్రి బాగానే వెలిగింది. మూడో రోజు సాయంత్రం మళ్లీ కొట్టుకుంది, మోత కూడా తిరిగొచ్చింది. చాలా బాధేసింది. అంతకన్నా, ఇంట్లో అమ్మ కళ్లకి ఆ వెలుతురు పడక తలనొప్పితో లోపలి గదిలో కూర్చోవడం చూడలేకపోయాను.

ఆదివారం తీరిగ్గా కూర్చుని గమనించాను. మొదట చెవితో. ఆ పట్టీ నుంచి వస్తున్నవి రెండు రకాల చప్పుళ్లు. ఒకటి ఎప్పుడూ ఒకే శ్రుతిలో సాగే గుయ్యి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటు వెళ్లి ఇటు తిరిగొస్తుంది, చోక్ లోపలి ఇనప రేకులు అందుకు రెట్టింపు, అంటే 100 సార్లు వణుకుతాయి. ఆ సన్న మోత ప్రతి రాగి చోక్‌కీ ఎంతో కొంత ఉంటుంది. రెండోది అప్పుడప్పుడూ, లైటు కొట్టుకునే ముందు, నూనెలో ఆవాలు వేసినట్టు చిటచిటమనే చప్పుడు. ఇది చోక్ నుంచి కాదు, ట్యూబ్ కిటికీ వైపు చివర నుంచి వస్తోంది.

పొడి చెక్క స్కేలు తీసుకుని పట్టీ రేకు మూతని నొక్కాను. గుయ్యి ఆగిపోయింది. వదిలితే మళ్లీ వచ్చింది. మూత స్క్రూ ఒకటి వదులై, చోక్ వణుకుడుకి రేకు కూడా తోడై మోగుతోంది, అంతే. కొట్టుకోవడానికీ ఈ మోతకీ సంబంధమే లేదు. చోక్ మోగినంత మాత్రాన లైటు ఆరదు. ఒకే సమయంలో రెండు వేర్వేరు లోపాలు రావడంతో మేమందరం ఒకటే అనుకున్నాం.

తర్వాత లైటు వెలుగుతుండగా స్టార్టర్ లాగి పక్కన పెట్టాను. నిలకడగా వెలిగింది. అక్కడితో ఆగి ఉంటే తప్పు స్టార్టర్‌దే అనుకునేవాణ్ని, కానీ అది కొత్తది. ఫ్యాన్ అయిదులో పెట్టి ఎదురు చూశాను. పావుగంట తర్వాత చిటుక్కుమంది, లైటు ఒక్కసారిగా ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు, స్టార్టర్ లేదు కాబట్టి. ఇన్నాళ్లూ జరుగుతున్నది ఇదే. ఎక్కడో కాంటాక్ట్ క్షణకాలం తెగుతోంది, ట్యూబ్ ఆరుతోంది, స్టార్టర్ పాపం ప్రతిసారీ దాన్ని తిరిగి వెలిగిస్తోంది. మన కంటికి అది కొట్టుకోవడంలా కనిపిస్తోంది. స్టార్టర్ తీసేసరికి అసలు తెగుతున్న చోటు బయటపడింది.

మెయిన్ ఆఫ్ చేసి ట్యూబ్ దింపాను. స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు. కొన్ని ఇళ్లలో స్విచ్ ఫేజ్ బదులు న్యూట్రల్‌కి పెట్టి ఉంటారు, అప్పుడు లైటు ఆరినా పట్టీలో కరెంటు ఉంటుంది. కిటికీ వైపు పిన్నుల్లో ఒకటి నల్లగా కమిలింది. హోల్డర్ లోపలి ఇత్తడి రేకు పట్టు వదిలేసి వెనక్కి పడుకుంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడింది. కిటికీ జల్లు తగిలే వైపు కావడం, వానాకాలంలోనే మొదలవడం అప్పుడు కలిశాయి. నలభై రూపాయలకి హోల్డర్ల జత తెచ్చి మార్చాను, వైరు చివర మాడిన ముక్క కత్తిరించి కొత్తగా బిగించాను, పిన్నుల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. మూత స్క్రూకి వాషర్ వేసి బిగించాను. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు హాల్లో లైటు కొట్టుకోలేదు, మోగలేదు.

వదులు కాంటాక్ట్ గురించి ఒక చిన్న మెలిక ఉంది. ప్రతి చివరా రెండు పిన్నులు ఉంటాయి కదా, ఒకటి కరెంటు వచ్చే వైపు, రెండోది స్టార్టర్‌కి వెళ్లే వైపు. కరెంటు వైపు పిన్ను వదులైతే వెలుగుతున్న లైటు ఆరుతుంది, మా ఇంట్లోలాగా. స్టార్టర్ వైపు పిన్ను వదులైతే లైటు మొదట వెలగడానికే మొరాయిస్తుంది, ఒకసారి వెలిగితే మాత్రం రాత్రంతా హాయిగా ఉంటుంది. ట్యూబ్‌ని కాస్త అటూ ఇటూ తిప్పితే వెలుగుతోందంటే ఇదే. స్టార్టర్ కూర్చునే గూట్లో రేకులు వదులైనా ఇదే లక్షణం.

మరి చోక్ నిజంగా పోతే ఎలా ఉంటుంది? మా మేనత్త గారింట్లో చూశాను. నెలలో రెండు కొత్త ట్యూబులు మాడాయి. వెలుతురు మామూలు కన్నా తెల్లగా, ఎక్కువగా ఉంది, వారంలోనే చివరలు నల్లబడ్డాయి, పట్టీ దగ్గర కాలిన తారు వాసన. చోక్ లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి, ట్యూబ్‌కి వెళ్లాల్సిన కరెంటుకి అడ్డు తగ్గిపోయింది. అలాంటి చోక్‌ని ఒక్క రోజు కూడా ఉంచకూడదు. రెండో రకం, లోపల తీగ తెగిపోవడం. అప్పుడు చివరల్లో ఎరుపు కూడా రాదు, పూర్తిగా చీకటి. చీకటికి ట్యూబ్ ఫిలమెంట్ తెగడం, స్టార్టర్ సరిగ్గా కూర్చోకపోవడం కూడా కారణాలే కాబట్టి చోక్‌ని చివరికి అనుమానించాలి. చెయ్యి పెడితే వేడిగా ఉందన్నది మాత్రం లోపం కాదు, రాగి చోక్ పని చేస్తూ వేడెక్కడం మామూలే.

వేసవి సాయంత్రాలు ఇంకొకటి గుర్తుంచుకుంటాను. లైటు కొట్టుకుంటున్నప్పుడే ఫ్యాన్ కూడా మందగిస్తే పట్టీ జోలికి వెళ్లను. లైనులో వోల్టేజి పడిపోయింది, చోక్ ట్యూబ్‌లైట్ దానికి తట్టుకోలేదు. ఈ రకం లైట్లలో నాకు నచ్చని విషయం ఇదే. తొమ్మిది తర్వాత వోల్టేజి కోలుకోగానే తనంతట తానే నిలబడుతుంది.

అప్పట్లో పోయిందని తీసేసిన పాత చోక్‌ని పారేయలేదు. మరుసటి నెలలో వరండాకి ఒక పట్టీ కొని, అందులో దాన్నే బిగించాను. మూడేళ్లుగా ప్రతి సాయంత్రం రెండో టిక్కుకే వెలుగుతోంది.