ఒకే పాఠమా, చిన్న ముక్కలా?

ఆఫీసులో డేటా గోప్యత శిక్షణను 45 నిమిషాల ఒకే వీడియోగా ఇచ్చి, చివర్లో 20 ప్రశ్నలు పెట్టడం ఒక పద్ధతి. తయారీ తేలిక. కానీ తప్పిన ప్రశ్న ఎక్కడిదో అప్పటికి గుర్తుండదు, జవాబులు మార్చి మార్చి నొక్కి పాసైపోతారు.

ఏడెనిమిది నిమిషాల ముక్కలైతే, ఒక్కోదానికి ఒక్క సందర్భం చాలు: జీతాల షీటు పొరపాటున బయటివాళ్లకు మెయిల్‌లో వెళ్లింది, ఏం చేస్తారు? "రీకాల్ చేస్తాను" అన్నవారికి "తప్పు" అని చూపి వదిలేయకూడదు. "బయటి చిరునామాకు వెళ్లిన మెయిల్‌ను రీకాల్ సాధారణంగా వెనక్కి తేలేదు, ముందు గోప్యతా అధికారికి చెప్పండి" అని అక్కడే కనిపించాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి లీకును డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ తెలపాల్సింది సంస్థే.

నా ఓటు ముక్కలకే. అయితే చివర్లో అన్నీ కలగలిసిన కేసు ఒకటి ఉండి తీరాలి. లేకపోతే పాఠం పేరు చూసే జవాబు ఊహించేస్తారు.